గర్భనిరోధక కరపత్రంలో మూడో గడి

స్త్రీల ఆసుపత్రిలో గర్భనిరోధక పద్ధతులను పోల్చి చెప్పే కరపత్రంలో సాధారణంగా మూడు గడులుంటాయి. పద్ధతి పేరు, అది ఎంతవరకు పనిచేస్తుంది, వాడితే ఒంట్లో ఏ మార్పులొస్తాయి. మూడో గడిని ఆడవాళ్లే నిలదీసి రాయించుకున్నారు.

అమెరికాలో 1960లో గర్భనిరోధానికి అనుమతి పొందిన తొలి మాత్ర ఎనోవిడ్. అందులో ఈస్ట్రోజన్ రకం హార్మోను 150 మైక్రోగ్రాములుండేది. మన ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఉండేది 30 మాత్రమే. ఎనోవిడ్‌లోని అంత పెద్ద మోతాదుకు కొందరిలో కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది. బార్బరా సీమన్ అనే పాత్రికేయురాలు 1969లో దీనిపై పుస్తకం రాశారు. మరుసటి జనవరిలో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ విచారణ జరిపారు. మాత్ర మింగే ఒక్క స్త్రీనైనా సాక్ష్యానికి పిలవలేదు. దాంతో ప్రేక్షకుల్లో కూర్చున్న మహిళలే లేచి ప్రశ్నలు వేశారు. ఆ ఏడాదే డబ్బాతోపాటు కరపత్రం పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. వైద్యుల అభ్యంతరాల వల్ల అది బాగా కుదించుకుపోయి, రక్తం గడ్డకట్టడం గురించిన చిన్న హెచ్చరికగా వెలువడింది. వివరమైన కరపత్రం రావడానికి 1978 దాకా పట్టింది.

మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైంది. 1965లో లూప్ వచ్చింది. లక్ష్యాల లెక్క కోసం తొందరగా వేసి పంపేవారు. నెలసరి ఎక్కువ కావచ్చని ముందే చెప్పకపోవడంతో, రక్తస్రావం చూసి భయపడినవారు తీయించుకున్నారు. ఆ భయం ఊరూరా పాకింది. తర్వాత ఎమర్జెన్సీలో జరిగిన బలవంతపు ఆపరేషన్ల సంగతి తెలిసిందే.

తెలుగు నేలకు నేరుగా సంబంధించిన ఘట్టం 1985 నాటిది. అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదికి శిబిరం పెట్టారు. రెండు నెలలకోసారి వేసే ఆ సూది ఇంకా పరీక్షల్లోనే ఉంది. తాము ఆ పరీక్షలో భాగమని అక్కడికొచ్చిన స్త్రీలకు తెలియదు. హైదరాబాద్‌కు చెందిన స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు ఈ సంగతి బయటపెట్టి, మరికొందరితో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. పరీక్షకు ఒప్పుకోవాలన్నా, కాదనాలన్నా ముందు దాని గురించి తెలియాలి కదా అన్నదే వారి వాదనకు మూలం. నా దృష్టిలో మన కరపత్రాల చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు.

అయితే దుష్ప్రభావాన్ని చెప్పడం ఒక ఎత్తు, సరైన కొలతతో చెప్పడం మరో ఎత్తు. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో కొన్ని కొత్త రకం మాత్రలు రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని రెట్టింపు చేస్తాయని అధికారిక హెచ్చరిక వచ్చింది. రెట్టింపు అనగానే చాలామంది మాత్రలు మానేశారు. అసలు లెక్క ఏమిటంటే, పాత మాత్రలు వాడే ఏడు వేల మందిలో ఒకరికి వచ్చేది, కొత్త వాటితో ఇద్దరికి వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు ఆ ప్రమాదం ఇంతకన్నా ఎక్కువ. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు సుమారు 13 వేలు పెరిగాయని అంచనా. ఇంతమందిలో ఇందరికి అని రాసిన కరపత్రమే మేలని ఈ అనుభవం చూపించింది.

రెండో గడికీ అదే వర్తిస్తుంది. మాత్ర తప్పకుండా మింగితే ఏడాదిలో నూరుమందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. కానీ ఇంటిపనుల్లో మరిచిపోవడం, ప్రయాణంలో తీసుకెళ్లకపోవడం లాంటివన్నీ కలిపితే సుమారు ఏడుగురికి వస్తుంది. నిరోధ్‌తో 13 మందికి, మూడు నెలల సూదితో నలుగురికి వస్తుంది. కాపర్ టి ఒకసారి వేస్తే గుర్తుంచుకోవాల్సింది ఏమీ ఉండదు కనుక ఎలా చూసినా ఒకరి లోపే. అందుకే మంచి కరపత్రం మామూలు వాడకపు లెక్కనే ముందు చెబుతుంది.

2017లో ప్రభుత్వం అంతర పేరుతో మూడు నెలల సూదిని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడాదిన్నరలో రెండో బిడ్డ కావాలనుకునే ఒక తల్లి దాని గురించి అడిగిందనుకుందాం. మొదటి నెలల్లో నెలసరి క్రమం తప్పుతుంది, మధ్యమధ్య ఎరుపు కనిపిస్తుంది, తర్వాత పూర్తిగా ఆగిపోవచ్చు. రక్తం లోపల నిలిచిపోయినట్టు కాదు, సూది మానితే మళ్లీ వస్తుంది. ఈ మాట ముందే వినకపోతే ఆమె రెండో సూదికి రాదు. బరువు కొంత పెరగవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, చివరి సూది గడువు ముగిశాక కూడా గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. కాపర్ టి అయితే నెలసరి ఎక్కువై కడుపునొప్పి రావచ్చు గానీ, తీయించుకున్న తర్వాతి నెలలోనే గర్భం రావడానికి వీలుంది. ఆమెకు రక్తహీనత ఉంటే కాపర్ టి వల్ల పెరిగే రక్తస్రావాన్నీ, సూది వల్ల అయ్యే ఆలస్యాన్నీ పక్కపక్కన పెట్టి చెప్పాలి. ఏది భరించగలదో ఆమే తేల్చుకుంటుంది.