ఒకే షేరు, రెండు ధరలు: డిపాజిటరీ రసీదుల చరిత్రలో ఒక అధ్యాయం

ఒక కంపెనీ షేరు ఒకే రోజున ముంబైలోనూ న్యూయార్క్‌లోనూ అమ్ముడుపోతుంది. రెండుచోట్లా ఉన్నది ఒకే కంపెనీలో వాటా. వచ్చే లాభమూ ఒకటే, డివిడెండూ ఒకటే. అటువంటప్పుడు, మారకపు రేటును లెక్కలోకి తీసుకున్న తరువాత, రెండుచోట్లా ధర ఒకటే కావాలి కదా? 2000 సంవత్సరంలో ఇన్ఫోసిస్ విషయంలో అలా జరగలేదు. ఆ ఏడాది మార్చిలో న్యూయార్క్ ధర ముంబై ధరకు రెట్టింపును మించింది. ఇది ఎలా సాధ్యమైందో అర్థం చేసుకుంటే డిపాజిటరీ రసీదు అనే ఏర్పాటు మొత్తం అర్థమవుతుంది. అందుకే ఈ పాఠాన్ని ఆ ఒక్క ఉదాహరణ చుట్టూ నడుపుతున్నాను.

రసీదు ఎలా పుట్టింది

ముందు 1927కు వెళ్దాం. లండన్‌లో సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద దుకాణం ఉండేది. దాన్ని స్థాపించిన హ్యారీ గోర్డన్ సెల్ఫ్‌రిడ్జ్ అమెరికా దేశస్థుడు. ఆ సంస్థ షేర్లు కొనాలని అమెరికా మదుపరులకు ఆసక్తి ఉంది. కానీ బ్రిటిష్ షేర్ల యాజమాన్యం మారాలంటే బ్రిటన్‌లోని రిజిస్టరులోనే నమోదు కావాలి, షేరు పత్రాలు ఆ దేశం దాటి రాకూడదు. డివిడెండు వచ్చేది పౌండ్లలో. న్యూయార్క్‌లో కూర్చున్న మదుపరికి ఇదంతా పెద్ద తలనొప్పి.

న్యూయార్క్‌లోని గ్యారంటీ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకు దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. షేర్లు బ్రిటన్‌లోనే భద్రంగా ఉంటాయి. వాటికి బదులుగా న్యూయార్క్‌లో బ్యాంకు ఒక రసీదు ఇస్తుంది. చేతులు మారేది ఆ రసీదే. బ్యాంకు పౌండ్లలో డివిడెండు తీసుకుని, డాలర్లలోకి మార్చి, తన రుసుము మినహాయించుకుని రసీదుదారుకు చెల్లిస్తుంది. దీన్నే అమెరికన్ డిపాజిటరీ రసీదు, క్లుప్తంగా ఏడీఆర్ అంటాం. మన పల్లెల్లో ధాన్యం గోదాములో పెట్టి, గోదాము రసీదు మీద అప్పు తెచ్చుకునే రైతుకు ఈ సూత్రం కొత్తేమీ కాదు. సరుకు కదలదు, కాగితం కదులుతుంది.

ఇందులో పాత్రధారులు ఇద్దరని గుర్తుంచుకోండి. రసీదు ఇచ్చే విదేశీ బ్యాంకును డిపాజిటరీ అంటారు. స్వదేశంలో అసలు షేర్లను దాని తరఫున భద్రపరిచే బ్యాంకును కస్టోడియన్ అంటారు. కంపెనీ రిజిస్టరులో వాటాదారుగా కనిపించేది డిపాజిటరీ పేరే, రసీదు కొన్నవారి పేరు కాదు. అందువల్ల రసీదుదారు వాటాదారుల సమావేశంలో ఓటు వేయాలన్నా డిపాజిటరీ ద్వారానే వేయాలి.

దీన్ని మరో ఏర్పాటుతో కలిపి గందరగోళపడకండి. 1907లో నెదర్లాండ్స్‌కు చెందిన రాయల్ డచ్, బ్రిటన్‌కు చెందిన షెల్ కలిసి వ్యాపారం చేసి, లాభాలను 60:40 చొప్పున పంచుకోవాలని ఒప్పుకున్నాయి. వ్యాపారం ఒకటే అయినా కంపెనీలు రెండుగానే ఉండి, వాటి షేర్లు వేర్వేరుగా అమ్ముడయ్యేవి. 2005లో ఒకే కంపెనీగా కలిసిపోయేదాకా ఇదే పద్ధతి. ఒక దేశపు షేరును ఇంకో దేశంలో ఇచ్చి పుచ్చుకునే వీలు అక్కడ లేదు. అందుకే వాటి ధరలు 60:40 నిష్పత్తి నుంచి ఏళ్ల తరబడి పక్కకు జరిగి ఉండేవి. మన కథలోనూ అసలు కీలకం ఈ 'ఇచ్చి పుచ్చుకునే వీలు' దగ్గరే ఉంది.

ఇన్ఫోసిస్ లెక్క

భారతీయ కంపెనీలు ఈ దారి పట్టింది 1992లో. ఆ ఏడాది రిలయన్స్ ఇండస్ట్రీస్ ఐరోపాలో గ్లోబల్ డిపాజిటరీ రసీదులు, అంటే జీడీఆర్‌లు జారీ చేసింది. 1993లో కేంద్ర ప్రభుత్వం ఇందుకోసం ఒక పథకాన్ని ప్రకటించింది. రూపాయి విదేశాలకు స్వేచ్ఛగా మారే కరెన్సీ కాదు కాబట్టి షేర్లనే నేరుగా విదేశీ ఎక్స్ఛేంజిలో పెట్టడం కుదరదు. రసీదు ఒక్కటే దారి. ఈ పరిమితి ఎంత గట్టిదో 2009లో మళ్లీ తెలిసింది. భారతి ఎయిర్‌టెల్, దక్షిణాఫ్రికాకు చెందిన ఎంటీఎన్ కలవాలనుకున్నాయి. రెండు దేశాల్లోనూ షేర్లు నమోదు కావాలని దక్షిణాఫ్రికా ప్రభుత్వం పట్టుబట్టింది. మన చట్టాలు అందుకు ఒప్పుకోలేదు. చర్చలు విఫలమయ్యాయి.

1999 మార్చి 11న ఇన్ఫోసిస్ అమెరికాలోని నాస్‌డాక్ ఎక్స్ఛేంజిలో చేరింది. భారతదేశంలో నమోదైన కంపెనీల్లో అక్కడికి చేరిన మొదటిది ఇదే. ఒక్కొక్కటి 34 డాలర్ల చొప్పున 20,70,000 రసీదులు జారీ చేసి, సుమారు 7 కోట్ల డాలర్లు సమీకరించింది. ఒక్కో రసీదు అరషేరుకు సమానం. అంటే రెండు రసీదులు కలిస్తే ఒక షేరు. మొత్తం మీద రసీదుల కింద ఉన్నది కంపెనీ షేర్లలో సుమారు 3 శాతమే. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి.

ఇప్పుడు తేలిక అంకెలతో ఒక ఊహాత్మక లెక్క చేద్దాం. ముంబైలో షేరు ధర 9,000 రూపాయలు, డాలరుకు 45 రూపాయలు అనుకుందాం. షేరు విలువ 200 డాలర్లు. రసీదు అరషేరు కాబట్టి దాని న్యాయమైన ధర 100 డాలర్లు. పత్రికలో రసీదు ధర చూసి దాన్ని ముంబై షేరు ధరతో నేరుగా పోల్చే విద్యార్థులను ప్రతి ఏటా చూశాను. ముందు నిష్పత్తి చూడాలి. సత్యం కంప్యూటర్స్ రసీదులో రెండు షేర్లుండేవి. నిష్పత్తి మరిస్తే లెక్క సగానికో రెట్టింపుకో తప్పుతుంది.

న్యూయార్క్‌లో రసీదు 90 డాలర్లకు పడిపోయిందనుకోండి. తెలివైన వ్యాపారి రెండు రసీదులు 180 డాలర్లకు కొని, డిపాజిటరీకి అప్పగించి రద్దు చేయిస్తాడు. కస్టోడియన్ అతనికి ముంబైలో ఒక షేరు విడుదల చేస్తాడు. దాన్ని 200 డాలర్లకు సమానమైన ధరకు అమ్ముకుంటే 20 డాలర్లు మిగులుతాయి. రద్దుకు డిపాజిటరీ తీసుకునే రుసుము సాధారణంగా నూరు రసీదులకు 5 డాలర్ల దాకా ఉంటుంది. దానితోపాటు దళారీ ఖర్చులు పోయినా లాభమే. ఇలా పదిమంది చేసేసరికి రసీదు ధర మళ్లీ 100 దగ్గరకు వస్తుంది.

అదే రసీదు 150 డాలర్లకు పెరిగిందనుకోండి. ఈసారి ముంబైలో 200 డాలర్లకు షేరు కొని, కస్టోడియన్ దగ్గర పెట్టి, రెండు కొత్త రసీదులు పుట్టించి, 300కు అమ్మాలి. కానీ ఆనాటి నిబంధనలు దీన్ని అనుమతించలేదు. కంపెనీ అనుమతులు తీసుకుని కొత్తగా జారీ చేస్తే తప్ప కొత్త రసీదులు పుట్టవు. రద్దయిన రసీదు మళ్లీ పుట్టదు. తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది. అందువల్ల రసీదు ధరకు కింద నేల ఉంది కానీ పైన కప్పు లేదు.

ఆ రోజుల్లో అమెరికాలో సాఫ్ట్‌వేర్ షేర్ల మీద వెర్రి వ్యామోహం ఉండేది. భారతీయ సాఫ్ట్‌వేర్ కావాలనుకున్న సామాన్య అమెరికన్ ముంబైలో కొనలేడు. ఇక్కడ కొనే హక్కు నమోదైన విదేశీ సంస్థాగత మదుపరులకే ఉండేది, వారికీ పరిమితులున్నాయి. కాబట్టి డబ్బంతా ఆ 3 శాతం షేర్లకు సరిపడే రసీదుల మీద పడింది. ధర రెట్టింపు దాటడానికి ఇంతకన్నా మరో రహస్యం వెతకనక్కరలేదు. అమెరికన్లకు ఇన్ఫోసిస్ విలువ మనకంటే బాగా తెలుసని అప్పట్లో కొందరు రాశారు. నేను ఒప్పుకోను. సరఫరా బిగించి, గిరాకీని వదిలేస్తే ఏ సరుకుకైనా ఇదే జరుగుతుంది.

రెండో తలుపు

ఈ తేడాను తగ్గించడానికి 2001 బడ్జెట్‌లో ఒక మార్పును ప్రకటించారు. 2002 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు దాని నిబంధనలు విడుదల చేసింది. దీనికి 'రెండువైపులా మార్పిడి' అని పేరు. అప్పటినుంచి ముంబైలో షేరు కొని రసీదుగా మార్చుకోవచ్చు, అయితే ఒక షరతు ఉంది. ఇంతకుముందు ఎన్ని రసీదులు రద్దయి, వాటి షేర్లు ఇక్కడ అమ్ముడయ్యాయో, అన్నింటిని మాత్రమే మళ్లీ పుట్టించవచ్చు.

ఇక్కడొక చిక్కుంది. రసీదు న్యూయార్క్‌లోనే ఎక్కువ ధర పలుకుతుంటే దాన్ని రద్దు చేసేవారెవరు? రద్దు లేకపోతే ఖాళీ ఏర్పడదు, ఖాళీ లేకపోతే కొత్త రసీదు లేదు. అంటే తేడా ఎక్కువగా ఉన్న కంపెనీకే ఈ మార్పు తక్కువగా ఉపయోగపడింది. అందుకే ఇన్ఫోసిస్ 2003లో మరో పద్ధతి పట్టింది. ఇక్కడి వాటాదారులు తమ షేర్లను అప్పగిస్తే, కంపెనీయే వాటిని రసీదులుగా మార్పించి అమెరికాలో అమ్మించి, వచ్చిన డబ్బును వారికి చెల్లించింది. సరఫరా పెరిగింది. 2014లో కొత్త పథకం పాత నిబంధనల స్థానంలో వచ్చింది. ఇప్పుడు రెండు ధరల మధ్య మిగిలేది సాధారణంగా స్వల్పమైన తేడా. అందులో కొంత గడియారం వల్ల వచ్చేదే. మన ఎక్స్ఛేంజీలు మధ్యాహ్నం మూడున్నరకు మూతపడతాయి, న్యూయార్క్‌లో వ్యాపారం మన రాత్రి ఏడింటికో ఎనిమిదింటికో మొదలవుతుంది.

ఎక్కువచోట్ల నమోదు కావడం దానంతటదే మేలు కాదని కూడా ఇన్ఫోసిస్ చరిత్రే చెబుతుంది. నాస్‌డాక్ నుంచి 2012లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి మారిన ఆ కంపెనీ 2013లో లండన్, పారిస్‌లలో కూడా రసీదులను నమోదు చేయించింది. అక్కడ కొనుగోళ్లు పెద్దగా జరగలేదు. 2018లో ఆ రెండింటినుంచీ వైదొలిగింది.

రసీదుతోపాటు వెళ్లే చట్టం

ధర గురించి ఇంతసేపు చెప్పుకున్నాం. రసీదు కొన్నవారికి ధర కాక ఇంకొకటి కూడా దక్కుతుంది. అది ఆ దేశపు చట్టం. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో చేరింది. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు ఖాతాల్లో మోసాన్ని అంగీకరించాడు. ముంబైలో అదే రోజు షేరు మూడు వంతులకు పైగా కూలింది. న్యూయార్క్ ఎక్స్ఛేంజి రసీదుల వ్యాపారాన్ని నిలిపివేసింది. తరువాత అమెరికా లెక్కల పద్ధతి ప్రకారం ఖాతాలను గడువులోగా సమర్పించలేక కంపెనీ 2010 అక్టోబరులో అక్కడి జాబితా నుంచి తప్పుకుంది.

అమెరికా కోర్టులో మదుపరులు ఉమ్మడిగా దావా వేశారు. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడింది. ఆ డబ్బు ప్రధానంగా అక్కడ రసీదులు కొన్నవారికోసం ఉద్దేశించినది. అదే కంపెనీలో అదే కాలంలో, అవే తప్పుడు లెక్కలు నమ్మి హైదరాబాదులోనో విజయవాడలోనో షేర్లు కొన్న చిన్న మదుపరులకు అందులో భాగం లేదు. 1956 నాటి మన కంపెనీల చట్టంలో అలా ఉమ్మడిగా నష్టపరిహారం కోరే ఏర్పాటు లేదు. వాటాదారులకు ఆ దారి 2013 చట్టంలోని 245వ సెక్షన్‌తో వచ్చింది.