ఫిర్యాదు అర్జీ: మాట గట్టిగా, మర్యాదగా

నాందేడ్‌లో తరాలుగా ఉంటున్న మన కుటుంబాల్లో ఇంటి పెద్ద పోయాక ఇంటి పన్ను రికార్డులో వారసుల పేరు ఎక్కించుకోవాల్సి వస్తుంది. దరఖాస్తు ఇస్తాం, తిరుగుతాం, పని కాదు. చివరికి కోపంతో ఒక అర్జీ రాస్తాం. ఆ అర్జీ ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ముందు చట్టం మాట. మహారాష్ట్రలో 2015 నుంచి ప్రజా సేవల హక్కు చట్టం ఉంది. నోటిఫై చేసిన ప్రతి సేవకు గడువు ఉంటుంది. ఆ గడువు, బాధ్యుడైన అధికారి, అప్పీలు వినే అధికారి వివరాలు కార్యాలయం బోర్డు మీద ఉండాలి. దరఖాస్తు తీసుకున్నట్లు రసీదు ఇవ్వాలి. గడువు దాటితే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోవచ్చు. దాన్ని వినేది పై హోదాలో ఉన్న అధికారి. అంటే మన కాగితం రేపు మనల్ని ఎరగని మనిషి చేతిలోకి వెళుతుంది. ఆయనకు మన కోపం పనికిరాదు, తేదీలు పనికొస్తాయి.

ఉదాహరణ

తండ్రి పోయాక తల్లి పేరు ఎక్కించమని కొడుకు మార్చి 3న దరఖాస్తు ఇచ్చాడనుకుందాం. బోర్డు మీద గడువు 15 రోజులని ఉందనుకుందాం. మార్చి 18తో గడువు ముగిసింది. ఏప్రిల్ 6 వచ్చినా జవాబు లేదు. కోపంలో అతను ఇలా రాస్తాడు: "మీ వాళ్లకు జీతాలు తీసుకోవడం తప్ప పని తెలియదు. డబ్బు కోసమే ఆపారు. వారంలో చేయకపోతే మీ సంగతి చూస్తాం."

ఇందులో దరఖాస్తు తేదీ లేదు, నంబరు లేదు, ఏ పని కావాలో లేదు. మొదటి వాక్యం ఎత్తిపొడుపు. దానికి అధికారి జవాబు చెప్పనక్కర్లేదు. రెండోది రుజువు లేని నింద. నిజంగా ఎవరైనా డబ్బు అడిగితే దానికి దారి వేరు: అవినీతి నిరోధక శాఖ 1064 నంబరు. ఈ అర్జీలో కలిపితే అసలు పని పక్కకు పోయి, నింద మీదే వాదన నడుస్తుంది. మూడోది బెదిరింపు. ప్రభుత్వోద్యోగికి హాని చేస్తామని బెదిరించి పని చేయించుకోవాలని చూడటం భారతీయ న్యాయ సంహిత 224వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు జైలు పడవచ్చు.

అదే మాట ఇలా రాయాలి: "మా తండ్రిగారి పేరున ఉన్న ఇంటి రికార్డులో మా అమ్మగారి పేరు నమోదు చేయాలని మార్చి 3న దరఖాస్తు ఇచ్చాము. రసీదు ప్రతి జత చేశాము. 15 రోజుల గడువు మార్చి 18తో ముగిసింది. ఇంతవరకు ఉత్తర్వు గానీ, లోపం ఉన్నట్లు తెలియజేత గానీ అందలేదు. ఏప్రిల్ 13లోగా పేరు నమోదు చేయాలని, లేదా ఆగిన కారణం రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాము. అలా జరగకపోతే చట్ట ప్రకారం మొదటి అప్పీలు చేసుకుంటాము."

చివరి వాక్యం బెదిరింపు కాదు. చట్టం మనకిచ్చిన తర్వాతి మెట్టును చెప్పడం మాత్రమే. "మీ సంగతి చూస్తాం" అంటే ఏం చేస్తామో తెలియదు, "అప్పీలు చేసుకుంటాం" అంటే తెలుస్తుంది. ఏప్రిల్ 13 అనడానికీ కారణం ఉంది. అప్పీలుకు 30 రోజులు ఏప్రిల్ 17తో ముగుస్తాయి. ఈ అర్జీ ఇచ్చామని ఆ గడువు ఆగదు. జవాబు కోసం చూస్తూ అది దాటిపోనివ్వకూడదు.

మరాఠీలో రాసేటప్పుడు

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇవ్వవచ్చు. అయినా పని త్వరగా కదలాలంటే మరాఠీలో ఇవ్వడమే మేలు. తెలుగులో ఆలోచించి మరాఠీలో రాస్తే ఒక చిక్కు వస్తుంది. మన "చేయండి"ని "కరా" అని రాస్తే అర్జీలో అది హుకుం జారీ చేసినట్లు ఉంటుంది. "కార్యవాహీ కరావీ హీ వినంతీ" అనాలి. "తుమ్హీ" బదులు "ఆపణ్" వాడాలి. అంతకు మించి పొగడ్త అక్కర్లేదు.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి ఆవక్-జావక్ టేబుల్ దగ్గర ఒకటి ఇవ్వాలి. రెండో దాని మీద శిక్కా, తేదీ, ఆవక్ నంబరుతో పోచ్ తీసుకోవాలి. అప్పీలు చేయాల్సి వస్తే రసీదుతో పాటు ఆ పోచ్ కూడా జత చేయాలి.