యంత్రం అనువదించిన తీర్పు: ఎక్కడ దిద్దాలి, ఎప్పుడు తిరగరాయాలి?

సుప్రీంకోర్టు తీర్పులను ప్రాంతీయ భాషల్లోకి తెచ్చేందుకు 2019లో ‘సువాస్’ అనే యంత్రానువాద సాఫ్ట్‌వేర్‌ను ప్రారంభించారు. అందులో తెలుగు కూడా ఉంది. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు భాష ఇంగ్లిషే. కాబట్టి అనువాదం కక్షిదారు తెలుసుకోవడానికే తప్ప, అమలుకు ఇంగ్లిషు ప్రతే ప్రామాణికం. అయినా ఇంగ్లిషు రాని కక్షిదారుకు తన కేసు గురించి తెలిసేది తెలుగు ప్రతి నుంచే. గడువులోగా డబ్బు కట్టాల్సింది తానో అవతలివారో అందులో తప్పుగా ఉంటే నష్టపోయేదీ ఆయనే.

సరిచూసేవారు పట్టుకోవాల్సిన మొదటి రకం తప్పు, చట్టంలో వేరే అర్థమున్న మామూలు మాట. ‘లీవ్ గ్రాంటెడ్’ అంటే అప్పీలుకు అనుమతి ఇచ్చారని. యంత్రం దాన్ని ‘సెలవు మంజూరైంది’ అనవచ్చు. ‘సెంటెన్స్’ శిక్షకు బదులు వాక్యం కావచ్చు. భూమిపై హక్కును చెప్పే ‘టైటిల్’ శీర్షిక కావచ్చు. ఇవి చదవగానే అతకవు కాబట్టి సులువుగా దొరుకుతాయి.

అసలు ప్రమాదం సాఫీగా చదివించే తప్పుతోనే. ‘రెస్పాండెంట్’ అనే మాటను యంత్రం తరచూ ‘ప్రతివాది’ అంటుంది. కింది కోర్టులో దావా ఎవరి మీద వేశారో వారు ప్రతివాది. అప్పీలులో మాత్రం రెస్పాండెంట్ అంటే అప్పీలు ఎవరి మీద వచ్చిందో వారు. కింది కోర్టులో వాది గెలిచి, ఓడిన ప్రతివాది అప్పీలుకు వెళితే, ఆ వాదే ఇక్కడ రెస్పాండెంట్. ఆయన్ను ‘ప్రతివాది’ అని రాస్తే మనుషులే తారుమారవుతారు. వాక్యంలో వ్యాకరణ దోషం ఉండదు కాబట్టి అనుమానమూ రాదు.

నమూనాగా ఒక కల్పిత కేసు తీసుకుందాం. భూమి కొనడానికి ఒప్పందం చేసుకున్న వ్యక్తి దావా వేసి గెలిచాడు. అమ్మకందారు అప్పీలు చేశాడు. అప్పీలును కొట్టివేస్తూనే కోర్టు రెండు మాటలు చెప్పింది. రెస్పాండెంటు మిగిలిన సొమ్ము ఎనిమిది వారాల్లో జమ చేయాలి. అప్పటివరకు డిక్రీ అమలు కాకూడదు. యంత్రం ఇచ్చిన తెలుగు ఇలా ఉందనుకుందాం:

‘ఎనిమిది వారాలలోపు ప్రతివాది ద్వారా మిగిలిన పరిశీలన రూ.12,50,000 జమ చేయబడే వరకు డిక్రీ అమలు చేయబడదు అనే దానిని భద్రపరచి అప్పీలు తోసివేయబడి నిలుస్తుంది.’

‘పరిశీలన’ అన్నచోట ‘ప్రతిఫలం’ ఉండాలి. ‘భద్రపరచి’ అన్నది ఇంగ్లిషు ‘సేవ్’కు నిఘంటువు అర్థం. ఇక్కడ దాని అర్థం ‘మినహా’. ఇక ‘ప్రతివాది’ అనడంతో డబ్బు కట్టాల్సింది కొనుగోలుదారు కాదు, అమ్మకందారు అన్నట్టయింది. ఈ మూడు మాటలూ మార్చినా ఆ వాక్యాన్ని మూడుసార్లు చదవాల్సిందే. షరతు ముందొచ్చి, తీర్పు చివరకు జారిపోయింది. పైగా ప్రతి క్రియా ‘బడింది’. ఇలాంటిది దిద్దడం దండగ, తిరగరాయాలి:

‘అప్పీలును కొట్టివేస్తున్నాం. అయితే రెస్పాండెంటు (కొనుగోలుదారు) మిగిలిన ప్రతిఫలం రూ.12,50,000ను ఎనిమిది వారాల్లోగా జమ చేయాలి. జమ అయ్యేవరకు డిక్రీని అమలు చేయకూడదు.’

వాక్యాన్ని విడగొట్టవచ్చు గానీ అందులో లేనిది చేర్చకూడదు. గడువు దాటితే ఏమవుతుందో కోర్టు చెప్పకపోతే, ‘లేకుంటే డిక్రీ రద్దు’ అని మనం పూరించకూడదు.

పని చేసే క్రమం కూడా ముఖ్యం. ముందు ఇంగ్లిషు పక్కన పెట్టి తెలుగును మాత్రమే చదవాలి. ఇంగ్లిషు కళ్లెదుట ఉంటే తెలుగులో లేని అర్థాన్ని మన బుర్రే నింపేస్తుంది. ప్రతి వాక్యం దగ్గరా ఎవరు, ఏం చేయాలి, ఏ షరతు మీద అని అడగాలి. జవాబు దొరకని వాక్యానికి గుర్తు పెట్టాలి. తర్వాత ఇంగ్లిషుతో పోల్చడం చివర ఉండే ఆదేశ భాగం నుంచి మొదలుపెట్టాలి. ‘కాదు’, ‘తప్ప’, ‘వరకు’, ‘లేదా’ లాంటి మాటలను ఒక్కొక్కటిగా సరిచూడాలి. ఆఖరున సెక్షన్లు, తేదీలు, మొత్తాలు. ‘1.5 మిలియన్’ అంటే 15 లక్షలని ప్రతిసారీ లెక్కేసి చూసుకోవాలి.

తప్పు మాటలోనే ఉండి వాక్యం నిలబడితే దిద్దండి. మూడు ప్రశ్నలకూ ఇంగ్లిషు చూడకుండా జవాబు రాకపోతే ఆ వాక్యాన్ని మూలం నుంచి తిరగరాయండి. ఒక పేరాలో సగం వాక్యాలకు గుర్తులు పడితే పేరా మొత్తం తిరగరాయడమే త్వరగా తెమిలే పని. ఆదేశ భాగాన్ని మాత్రం, యంత్రం ఎంత బాగా చేసినట్టు కనిపించినా, మూలం నుంచే రాసి, ఆ తర్వాతే యంత్రం ప్రతితో పోల్చుకోవాలి.