రుసుము అడిగే నకిలీ ఉద్యోగ మెయిళ్లు

రుసుము అడిగే నకిలీ ఉద్యోగ మెయిలు అనగా, పేరున్న సంస్థ నుండి వచ్చినట్లు కనిపిస్తూ, ఉద్యోగం ఖాయమైనదని చెప్పి, చేరుటకు ముందే కొంత సొమ్ము చెల్లించమని కోరే ఈ-మెయిలు. ఆ సొమ్మును నమోదు రుసుము, తిరిగి ఇచ్చే ధరావతు, వైద్య పరీక్ష ఖర్చు, యూనిఫాం ఖర్చు వంటి పేర్లతో అడుగుతారు. ఈ వ్యాసం ప్రధానంగా శ్రీ సత్యసాయి జిల్లాలోని పుట్టపర్తి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ఉద్యోగార్థులకు ఎదురయ్యే పరిస్థితిని దృష్టిలో ఉంచుకొని, ఇటువంటి మెయిలును గుర్తించే పద్ధతిని, నిజమైన అవకాశం చేజారకుండా దానికి జవాబు వ్రాసే విధానాన్ని వివరిస్తుంది.

## నేపథ్యం

2017 ఏప్రిల్‌లో కియా మోటార్స్ సంస్థ ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకొని, పెనుకొండ మండలంలోని ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారాన్ని నిర్మించింది. 2019లో ఇక్కడ ఉత్పత్తి మొదలైనది. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఈ కర్మాగారం, దాని చుట్టూ విడిభాగాల సంస్థలు వెలసిన తరువాత, ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగు చదివిన స్థానిక యువకులు ఉద్యోగం కోసం దూర నగరాల వైపే కాక ఇంటి చుట్టుపక్కల కూడా చూడసాగారు. హిందూపురం సమీపంలోని తూముకుంట పారిశ్రామికవాడ అంతకు ముందు నుండే ఉన్నది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఈ ప్రాంతం ప్రత్యేక జిల్లా అయినది.

పెద్ద వాహన సంస్థ పేరు మోసగానికి బాగా అక్కరకు వస్తుంది. మారుతి సుజుకి, టాటా మోటార్స్ వంటి సంస్థల పేరుతో "నేరుగా ఎంపిక" అంటూ ధరావతు అడిగే మెయిళ్లు దేశమంతటా అనేక సంవత్సరాలుగా తిరుగుతున్నవి. తాము ఉద్యోగార్థుల నుండి సొమ్ము తీసుకోమని ఆ సంస్థలు బహిరంగంగా హెచ్చరించాయి కూడా. కర్మాగారం మన ఊరి పక్కనే ఉన్నప్పుడు మెయిలులోని చిరునామా, పోస్టుల పేర్లు నిజమైనవిగానే ఉండుట వలన అనుమానం రాదు.

## ఒక మెయిలు పరిశీలన

ఈ క్రింది ఉదాహరణ అటువంటి మెయిళ్ల సాధారణ రూపాన్ని చూపుటకు కూర్చినది. ధర్మవరానికి చెందిన ఒక మెకానికల్ డిప్లొమా పట్టభద్రునికి ఒక మెయిలు వచ్చినది. అతడు ఒక ఉద్యోగ వెబ్‌సైటులో తన వివరాలు ఉంచి ఉన్నాడు. మెయిలులో సంస్థ చిహ్నం, ఎర్రరంగు ముద్ర, సంతకం ఉన్న పీడీఎఫ్ లేఖ కలవు. నెలకు 38,500 రూపాయల వేతనం, ఇంటర్వ్యూకు విమాన టికెట్టు, బస ఇస్తామని వ్రాశారు. తిరిగి ఇచ్చే ధరావతుగా 8,750 రూపాయలను రేపు సాయంత్రం 4 గంటల లోపు కట్టవలెనట. ఇంటర్వ్యూ రోజున ఆ సొమ్ము నగదుగా తిరిగి ఇస్తారట.

ఇందులో మొదట గమనించవలసినది వరుసక్రమం. నిజమైన నియామకంలో దరఖాస్తు, వ్రాత పరీక్ష లేక ఇంటర్వ్యూ, ధ్రువపత్రాల పరిశీలన, నియామక లేఖ అనే క్రమం ఉంటుంది. ఇక్కడ ఎంపికైనట్లు లేఖ ముందు వచ్చినది, ఇంటర్వ్యూ తరువాత ఉన్నది, మధ్యలో సొమ్ము ఉన్నది. ముద్ర, సంతకం, చిహ్నం దేనికీ సాక్ష్యం కావు. అవి పాత లేఖ నుండి కత్తిరించి అతికించదగినవి. అక్షర దోషాలు ఉంటే మోసమని చాలామంది అనుకుంటారు. కాని నేటి నకిలీ లేఖలు నిర్దోషంగా ఉండగలవు, నిజమైన చిన్న సంస్థల మెయిళ్లలో తప్పులు ఉండగలవు. ఆ గుర్తును నమ్ముకొనుట మంచిది కాదు.

రెండవది సొమ్ము చేరే చోటు. పెద్ద సంస్థ పేరుతో అడిగిన ధరావతు ఒక వ్యక్తి పేరున ఉన్న ఖాతాకు వెళ్లుచున్నది. యూపీఐ ద్వారా పంపబోయినప్పుడు తెరపై గ్రహీత పేరు కనిపిస్తుంది; "కోశాధికారి పేరు" అని వారు దీనికి సమాధానం కూడా సిద్ధంగా ఉంచుకుంటారు. అయితే ఖాతా సంస్థ పేరున ఉన్నంత మాత్రాన నమ్మరాదు, ఎందుకనగా ఆ పేరుతో ఎవరైనా చిన్న వ్యాపార ఖాతా తెరవగలరు.

మూడవది ఒకసారి కట్టిన తరువాత జరిగేది. 8,750 రూపాయలతో వ్యవహారం ముగియదు. మరునాడు బీమా పేరున, ఆ తరువాత ల్యాప్‌టాప్ ధరావతు పేరున మళ్లీ అడుగుతారు. ఇప్పుడు ఆపితే ముందు కట్టినది పోతుందనే భయమే వారి పెట్టుబడి. చివరకు "సొమ్ము వాపసు" పేరుతో ఒక క్యూఆర్ కోడు పంపి, స్కాన్ చేసి పిన్ నొక్కమంటారు. సొమ్ము అందుకొనుటకు యూపీఐ పిన్ ఎన్నడూ అవసరం లేదు. పిన్ నొక్కితే పోయేది మన సొమ్మే.

## చిరునామాను చదువుట

మెయిలులో కనిపించే పంపినవారి పేరు వారు ఇష్టం వచ్చినట్లు పెట్టుకొనగలిగినది. చూడవలసినది @ గుర్తు తరువాతి భాగం, అనగా డొమైను. దీనిని కుడి నుండి ఎడమకు చదవవలెను. ఉదాహరణకు `company.example.selection-desk.example` అనే డొమైనులో ముందు కనిపించే సంస్థ పేరుకు విలువ లేదు. యజమాని `selection-desk.example` మాత్రమే.

కంప్యూటరులో జీమెయిల్ తెరచి, మెయిలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి `Show original` ఎంచుకుంటే పూర్తి శీర్షిక కనిపిస్తుంది. ఫోనులోని జీమెయిల్ అనువర్తనంలో ఈ సదుపాయం లేదు కనుక కంప్యూటరు వాడవలెను. అందులో ఇటువంటి పంక్తులు ఉండవచ్చును:

```
From: "HR Department" <hr@company.example>
Reply-To: selection.desk@freemail.example
Authentication-Results: spf=fail dkim=none
```

ఇక్కడ పంపినది ఒక చిరునామా, మనం జవాబు నొక్కితే వెళ్లేది మరొక చిరునామా. `spf=fail` అనగా ఆ డొమైను తరఫున మెయిలు పంపుటకు అనుమతి లేని సర్వరు నుండి ఇది వచ్చినదని అర్థం. ఈ రెండూ కలిసి ఉంటే గట్టిగా అనుమానించవలెను. కాని `spf=pass` అని ఉంటే మెయిలు నిజమైనదని భావించరాదు. మోసగాడు తానే ఒక డొమైను కొని దాని నుండి పంపినా ఈ పరీక్షలన్నీ నెగ్గును. మెయిలు ఏ డొమైను నుండి వచ్చినదో ఇవి చెప్పగలవు, ఆ డొమైను ఎవరిదో చెప్పలేవు.

దీనికి మరొక వైపు కూడా కలదు. తూముకుంటలోని ఒక చిన్న యంత్రశాల జీమెయిల్ చిరునామా నుండి పిలుపు పంపుట సహజమే. పెద్ద సంస్థలు కూడా నియామక ఏజెన్సీల ద్వారా, ఉద్యోగ వెబ్‌సైట్ల ద్వారా మెయిళ్లు పంపును. ఉచిత మెయిలు చిరునామా చూడగానే చెత్తబుట్టలో వేసినవారు నిజమైన పనిని పోగొట్టుకొనే అవకాశం ఉన్నది.

## జవాబు వ్రాయుట

సందేహాస్పదమైన మెయిలుకు అక్కడికక్కడే `Reply` నొక్కరాదు. అందులోని ఫోను నంబరుకు చేయరాదు. సంస్థ వెబ్‌సైటును స్వయంగా టైపు చేసి తెరచి, నియామకాల పుటలో ఆ పోస్టు ఉన్నదా చూచి, అక్కడ ఇచ్చిన చిరునామాకు కొత్త మెయిలు వ్రాయవలెను. సంస్థ చిన్నదై వెబ్‌సైటు లేనట్లయితే, దాని జీఎస్టీ సంఖ్య అడిగి `gst.gov.in`లో చూడవచ్చును. సంఖ్య సరియైనదైనా అది మెయిలు పంపినవారిదే అనుటకు రుజువు కాదు కనుక, పారిశ్రామికవాడకు స్వయంగా వెళ్లి కార్యాలయంలో అడుగుట అన్నిటికన్నా మేలు. హిందూపురం, పెనుకొండ వారికి ఈ సౌకర్యం ఉన్నది. హైదరాబాదు పేరుతో వచ్చే మెయిలుకు ఇది కుదరదు.

జవాబు ఆసక్తిని తెలుపుతూ, సొమ్ము విషయంలో మాత్రం తలుపు మూయవలెను. నమూనా ఇట్లు ఉండవచ్చును:

"అయ్యా, ఫలానా తేదీన మీ సంస్థ పేరుతో నాకు ఉద్యోగ లేఖ అందినది. ఈ పోస్టుపై నాకు ఆసక్తి కలదు. దయచేసి పోస్టు సంఖ్యను, ఇంటర్వ్యూ జరుగు కార్యాలయ చిరునామాను, బాధ్యులైన అధికారి పేరును తెలుపగలరు. చేరుటకు ముందు నేను ఎట్టి రుసుమూ చెల్లించలేను. ఏవైనా ఖర్చులు ఉన్నచో నిబంధనల ప్రకారం మొదటి వేతనం నుండి మినహాయించుకొనవచ్చును. చెప్పిన రోజున అసలు ధ్రువపత్రాలతో స్వయంగా హాజరు కాగలను."

నిజమైన సంస్థకు ఈ లేఖలో అభ్యంతరకరమైనది ఏదీ లేదు. ఒకటి రెండు రోజుల్లో చిరునామా పంపుతుంది, లేదా అటువంటి లేఖ తాము పంపలేదని చెబుతుంది. సంస్థ అసలు చిరునామాకు కాక, మెయిలు పంపినవారికే ఈ జవాబు చేరినప్పుడు మోసగాడైతే గడువు గుర్తుచేస్తాడు, రుసుమును సగానికి తగ్గిస్తాడు, లేదా మౌనం వహిస్తాడు. బేరమాడే నియామకాధికారి ఉండడు. రేపటి గడువును చూచి తొందరపడనవసరం లేదు. అభ్యర్థి ఒక్కరోజు ప్రశ్న అడిగినందుకు ఉద్యోగాన్ని రద్దు చేసే సంస్థ అరుదు.

ఈ మొదటి జవాబుతో ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, ఫోటో జతపరచరాదు. వీటితో మన పేరున అప్పు తీసుకొనుటకు ప్రయత్నించగలరు. విద్యార్హతలు, అనుభవం తెలిపే పుట చాలును; దానిలో కూడా పుట్టిన తేదీ, ఇంటి నంబరు అవసరం లేదు. గుర్తింపు తప్పనిసరి అయితే, ఉడాయ్ వెబ్‌సైటులో మొదటి 8 అంకెలు కనిపించని ఆధార్ ప్రతి లభిస్తుంది. నియామక లేఖ ఇచ్చిన తరువాత పాన్, పాత సంస్థ నుండి వైదొలగిన లేఖ అడుగుట మాత్రం మామూలే.

## న్యాయమైన రుసుములు

రుసుము అడిగినదంతా మోసం కాదు. ఏపీపీఎస్సీ, రైల్వే నియామక పరీక్షలకు దరఖాస్తు రుసుము కలదు. అయితే అది అధికార ప్రకటనలో ముందే ముద్రితమై ఉంటుంది, దరఖాస్తు సమయంలో ఆ వెబ్‌సైటులోనే కట్టించుకుంటారు, ఎంపికైన తరువాత ఎవరి ఖాతాకో పంపమనరు. విదేశీ ఉద్యోగాలలో కూడా ఒక పరిమితి ఉన్నది. 1983 నాటి వలసల చట్టం క్రింద నమోదైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. ఏజెంటు పేరు `emigrate.gov.in`లో ఉన్నదీ లేనిదీ చూడవచ్చును. కదిరి, రాయచోటి ప్రాంతాల నుండి గల్ఫ్ వెళ్లేవారికి ఇది ముఖ్యం.

## సొమ్ము కట్టిన తరువాత

వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, `cybercrime.gov.in`లో ఫిర్యాదు నమోదు చేయవలెను. సొమ్ము తరువాతి ఖాతాలకు తరలక ముందే సమాచారం అందితే బ్యాంకు దానిని నిలిపివేయగలదు కనుక, సిగ్గుతో ఒకరోజు ఆగుట వలన నష్టం. లావాదేవీ సంఖ్య దగ్గర ఉంచుకొనవలెను. మోసగాడు ఏ రాష్ట్రంలో ఉన్నా ఫిర్యాదును దగ్గరి పోలీసు ఠాణాలోనే ఇవ్వవచ్చును. ఇది మా పరిధి కాదని తిరస్కరించుటకు 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను అనుమతించదు. కంప్యూటరు ద్వారా ఇతరుల వలె నటించి మోసగించుటకు ఐటీ చట్టం 66డి సెక్షను క్రింద మూడేళ్ల వరకు జైలుశిక్ష కలదు.

మెయిలును తుడిచివేయరాదు. దానిని స్నేహితునికో పోలీసులకో మామూలుగా ఫార్వర్డు చేస్తే పైన చెప్పిన శీర్షిక పంక్తులలో ముఖ్యమైనవి పోతాయి. `Show original` పుటలోని `Download Original` నొక్కితే వచ్చే ఫైలునే ఫిర్యాదుకు జతచేయవలెను.