తెలుగైపోయిన ఇంగ్లీషు మాటలు

"హోటల్లో టిఫిను తింటూ ఉంటే ఆ రౌడీ గ్లాసు తీసి నా తలమీద కొట్టాడు." ఒక సాక్షి న్యాయస్థానములో ఈ విధముగా చెప్పినాడనుకొందము. ఈ వాక్యములో హోటలు, టిఫిను, రౌడీ, గ్లాసు అను నాలుగు మాటలును ఇంగ్లీషువారి నుండి వచ్చినవే. కావున దీనిని ఇంగ్లీషులోనికి మార్చుట మిక్కిలి సులభమని తోచును. ఆ నాలుగింటిని వచ్చిన చోటికే తిరిగి పంపిన చాలునుగదా అనిపించును. కాని అట్లు పంపినచో వానిలో ఒక్కటియు తిన్నగా ఇల్లు చేరదు. తెలుగునాట కాపురముండి అవి అర్థము మార్చుకొన్నవి.

ఈ మార్పు ఎట్లు కలుగునో గ్రహించుటకు మొదట రైలు అను మాటను చూతము. దక్షిణ దేశములో ప్రయాణికులకు మొదటి రైలుమార్గము 1856 జూలై 1వ తేదీన చెన్నపట్నములోని రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు ప్రారంభమైనది. ఇంగ్లీషులో రైలు అనగా బండి కాదు. బండి నడచుటకు నేలపై పరచిన ఇనుపకమ్మి. మనవారు ఆ కొత్త వాహనమును పొగబండి అనిరి, ధూమశకటమనిరి, రైలుబండి అనిరి. ఈ చివరి పేరు చక్కగా కుదిరినది. రైళ్ళమీద నడచు బండి గనుక అది రైలుబండి. కాని నిత్యము వాడుకొను మాట పొడుగుగా ఉండిన నోరు సహింపదు. బండి జారిపోయి రైలు మిగిలినది. కమ్మి పేరు బండికి వచ్చినది. కమ్మికి పేరు లేకపోగా దానిని పట్టా అనవలసి వచ్చినది. నేడు మనము "రైలు పట్టాలు" అనునప్పుడు రైలు బండియే, పట్టా కమ్మియే. ఈనాటి సెల్‌ఫోను కూడ ఇదే త్రోవను నడచి సెల్లు అయినది. ఇంగ్లీషులో ఒక ఖైదీ సెల్లులో ఉన్నాడని వ్రాసినచో అది జైలుగది అని మరువరాదు.

ఇక మన సాక్షి వాక్యమునకు వత్తము. ఇంగ్లీషులో హోటలు అనగా ప్రయాణికులు బసచేయు చోటు. అక్కడ పడక ముఖ్యము, భోజనము దాని వెంట వచ్చునది. మన ఊళ్ళలో హోటలు అనగా కాఫీ, ఇడ్లీ, భోజనము దొరకు చోటు. రెండు బల్లలు వేసిన పూరిపాకయైనను హోటలే. బసకు మనము లాడ్జి అను వేరొక మాట తెచ్చుకొన్నాము. సాక్షి హోటల్లో ఉన్నాడని ఉన్నదున్నట్లు ఇంగ్లీషులో వ్రాసినచో, అతడు పరస్థలమునుండి వచ్చి అక్కడ దిగినాడని చదువువాడు భావించును. నిజమునకు అతని ఇల్లు ఆ వీథి చివరనే ఉండవచ్చును.

టిఫిను సంగతి మరింత చిత్రమైనది. ఇది ఈ దేశములోని ఇంగ్లీషువారి వాడుకమాట. యూల్, బర్నెల్ అను ఇద్దరు పండితులు 1886లో ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ప్రకారము టిఫిను అనగా మధ్యాహ్న భోజనము. మన టిఫిను మధ్యాహ్నమును విడిచి ఉదయమునకును సాయంకాలమునకును పోయినది. "రాత్రి అన్నం మానేశాను, టిఫినే" అనువారును కలరు. కనుక దీని అర్థమును గడియారము నిర్ణయింపదు, అన్నము నిర్ణయించును. అన్నము వండి వడ్డించిన భోజనము కానిది టిఫిను. ఉదయపు ఫలాహారమును తెలుపు ఇంగ్లీషు మాటను అన్ని చోట్లను పెట్టిన అనువాదకుడు, రాత్రి ఎనిమిది గంటలకు ఉప్మా తిన్నవానిచేత ఉదయపు ఆహారము తినిపించును.

రౌడీ అను మాటలో చిక్కు వేరు. 19వ శతాబ్ది ఆరంభమున అమెరికాలో ఇది దుండగపు మనిషికి పేరు. తరువాత ఇంగ్లీషులో ఎక్కువగా విశేషణమై, గోలచేయు అను తేలిక అర్థమునకు దిగినది. మన రౌడీ పాత బరువును దింపుకొనలేదు. పోలీసువారి రౌడీషీటు దానిని మరింత పెంచినది. ఇంగ్లీషు కథలో పంతులు తన తరగతి పిల్లలను ఆ మాటతో వర్ణించినచో, వారిని తెలుగులో రౌడీలనుట ఘోరమైన నింద. వారు అల్లరి పిల్లలు, అంతే.

అన్నింటికంటె ప్రమాదమైనది గ్లాసు. ఇంగ్లీషులో అది ముందు గాజు, తరువాత గాజుతో చేసిన పాత్ర. తెలుగులో గాజును వదలి పాత్ర ఒక్కటే నిలిచినది. కావుననే ఇత్తడి గ్లాసు, వెండి గ్లాసు, స్టీలు గ్లాసు అనుటకు మనకు సంకోచము లేదు. సాక్షి తెలుగులో చెప్పినను, రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి హైకోర్టు వ్యవహారము సాధారణముగా ఇంగ్లీషులో నడచును. అక్కడి కాగితములలో గ్లాసుతో కొట్టినాడని మాత్రమే ఉన్నదనుకొందము. వైద్యుని పత్రములో వాపు, కమిలిన గాయము ఉన్నవి. కోసికొనిన గాయము లేదు. గాజు పగిలిన పెంకులేవి, చర్మము తెగలేదేమి అని ప్రతివాది వకీలు అడుగును. సాక్షి అబద్ధమాడలేదు, అతనిని కొట్టినది స్టీలు గ్లాసు. అతని మాటను అబద్ధముగా కనుపింపజేసినది అనువాదము.

అట్లని అనువాదకుడు తనంతట తాను స్టీలు అను మాటను చేర్చరాదు. సాక్షి చెప్పని దానిని చెప్పించుట మరియొక తప్పు. నీళ్ళు త్రాగు పాత్ర అని అర్థమిచ్చు మాట పెట్టి, అది దేనితో చేసినదో సాక్షిని అడుగుమని సూచింపవలెను. సాక్షి ఎదుట లేనప్పుడు ఆ సందేహమును అంచున వ్రాసి ఉంచవలెను.

ఇటువంటి మాటను గుర్తించుట ఎట్లు? ఇంగ్లీషు నిఘంటువు దీనికి చాలదు. తెలుగులో ఆ మాటకు ఇరుగుపొరుగు ఎవరో చూడవలెను. ఇత్తడి అను విశేషణమును గ్లాసు ఒప్పుకొన్నది గనుక అందు గాజు లేదని తెలిసినది. టిఫినుకు ఎదురుగా భోజనము నిలిచినది గనుక అది వేళను తెలుపు మాట కాదని తెలిసినది. రైలు ఎక్కుదుము, దిగుదుము గనుక అది కమ్మి కాదు. సి. పి. బ్రౌను తెలుగులోని అన్యదేశ్యములకు 1854లో ప్రత్యేకముగా ఒక నిఘంటువునే ప్రకటించెను. పరాయి మాటలకు తెలుగులోని అర్థమును వేరుగా చెప్పవలెనని ఆనాడే తేలినది.

ఈ పరీక్షకును ఒక మేర కలదు. అర్థము ఒకచోట నిలువదు. పెద్ద నగరములలో బస ఇచ్చు భవనములు హెచ్చిన కొలది హోటలు అను మాట తన పాత ఇంగ్లీషు అర్థమును తిరిగి తెచ్చుకొనుచున్నది. అందుచేత "హోటల్లో ఉన్నాడు" అను వాక్యము ఏ ఊరివాడు, ఏ కాలమున అన్నాడో తెలిసికొనక కలము కదపరాదు. పల్లెలోని సాక్షి అన్నచో అతడు ఇడ్లీ తినుచున్నాడు. నగరమునకు పనిమీద వచ్చిన వర్తకుడు అన్నచో అతడు నిద్రించుచు ఉండవచ్చును.