నిలవని గర్భం, నలభై రెండు రోజుల సెలవు

2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చిన వార్త అది. అదే చట్టంలో, గర్భం పోయిన స్త్రీకి ఇచ్చే సెలవు మాత్రం 1961లో ఎంత ఉందో అంతే ఉండిపోయింది: ఆరు వారాలు. ఆ ఆరు వారాలు ఎక్కడి నుంచి వచ్చాయో, కర్నూలు, కడప ప్రాంతాల్లో ఎవరి దాకా వచ్చాయో, ఎవరి ముందు ఆగిపోయాయో చూడాలంటే మద్రాసు రాజధాని రోజుల నుంచి మొదలుపెట్టాలి.

దత్తమండలాలంటే కరువు సీమ అన్న మాటే ముందు గుర్తొస్తుంది గానీ, ఫ్యాక్టరీ కూలి ఇక్కడికి చాలా తొందరగానే వచ్చింది. ఆదోని పత్తి జిన్నింగు మిల్లుల్లో ఆడవాళ్లు గింజ తీసే యంత్రాల దగ్గర నిలబడి పనిచేసేవాళ్లు. దూది ధూళి, పొద్దస్తమానం నిలువుకాళ్ల మీద పని, సీజను అయిపోతే పనీ అయిపోయినట్టే. ప్రసూతి భృతి మీద దేశంలో మొదటి చట్టం 1929లో బొంబాయిలో వచ్చింది. 1934లో మద్రాసు శాసనసభ కూడా అలాంటిదే చేసింది. గనుల్లో పనిచేసే స్త్రీలకు 1941లో వేరే చట్టం వచ్చింది. వీటన్నిటి చూపూ ప్రధానంగా కాన్పు మీదే. బిడ్డ పుడుతుందన్న లెక్కతోనే వారాలు కట్టారు. కడుపు పోయిన మనిషికి కూడా రక్తస్రావం, నీరసం, జ్వరం ఉంటాయన్న సంగతి మంత్రసానికి తెలిసినంతగా శాసనం రాసేవాళ్లకు పట్టలేదు.

ఆ లోటును సూటిగా పూడ్చింది 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం. గనుల్లో అది 1963 నవంబరు 1 నుంచి అమలైంది. దాని 9వ సెక్షన్ ప్రకారం గర్భస్రావం జరిగిన మర్నాటి నుంచి ఆరు వారాలు కూలితో కూడిన సెలవు ఇవ్వాలి. 4వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆ ఆరు వారాల్లో ఆమెను తెలిసి తెలిసీ పనిలో పెట్టుకోవడం యజమాని తప్పు, ఆమె పనికి రావడమూ చట్టం ఒప్పని పనే. అంటే ఇది అడిగితే ఇచ్చే సౌకర్యం మాత్రమే కాదు. ‘అమ్మాయి తనంతట తానే నాలుగో రోజుకు వచ్చింది సార్’ అనే మేస్త్రీ మాట చట్టం ముందు నిలవదు. గర్భస్రావం వల్ల జబ్బు చేస్తే 10వ సెక్షన్ కింద మరో నెల. సెలవులో ఉన్నప్పుడు గానీ, ఆ సెలవు కారణంగా గానీ పనిలోంచి తీసేయడం చెల్లదని 12వ సెక్షన్ చెప్పింది. సెలవు ముగిసేలోపు గడువు తీరేలా నోటీసు ఇవ్వడం, ఆమెకు నష్టం కలిగేలా పని షరతులు మార్చడం కూడా అందులోనే నిషేధించారు.

అయితే ఆ చట్టం ‘గర్భస్రావం’ అంటే ఏమిటో చెప్పినచోట ఒక మెలిక పెట్టింది. 26వ వారం వరకు, ఆ వారంతో కలిపి, ఎప్పుడు గర్భం పోయినా గర్భస్రావమే. శిక్షాస్మృతి కింద నేరమైన గర్భస్రావం మాత్రం లెక్కలోకి రాదు. 1961లో తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భం తీయించడం నేరమే కాబట్టి అప్పటికి ఆ మాటకు అర్థం ఉంది. పదేళ్లకు సంగతి మారింది. శాంతిలాల్ షా కమిటీ సిఫార్సులతో 1971లో వైద్యపరంగా గర్భం తొలగించే ఎంటీపీ చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆసుపత్రిలో డాక్టరు చేతుల మీదుగా గర్భం తీయించుకోవడం చట్టబద్ధమైంది. కానీ సెలవు చట్టంలో ఆ మాట చేర్చింది 1995 సవరణ. అమలైంది 1996 ఫిబ్రవరి 1న. మధ్యలో దాదాపు 24 ఏళ్లు పోయాయి.

ఆ 24 ఏళ్లూ స్త్రీలకు హక్కే లేదని నేననను. నేరం కాని గర్భస్రావం ఏదైనా నిర్వచనంలోకి వస్తుందని వాదించడానికి 1972 నుంచే దారి ఉంది. కాకపోతే వాదించి తెచ్చుకోవాల్సిన సెలవు కూలిపని చేసే మనిషికి ఉన్నా లేనట్టే. సర్కారీ ఉద్యోగుల విషయంలో ఆ ఇబ్బంది ముందే తీరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1976లో వైద్య ఆరోగ్యశాఖ జీవో 762 ద్వారా అబార్షన్‌కు ఆరు వారాల సెలవు ఇచ్చింది. కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో ఉన్న టీచరమ్మకు ఈ జీవో నంబరు నోటికి వచ్చి ఉంటుంది. యూనియన్ డైరీల్లో అచ్చయ్యే నంబరు అది. కేంద్ర ఉద్యోగులకు మొత్తం సర్వీసులో కలిపి 45 రోజులు, ఎంతమంది పిల్లలున్నా సరే. ఒకటికి రెండుసార్లు గర్భం పోయిన కేంద్ర ఉద్యోగినికి ఆ 45లోనే సర్దుకోవాల్సి వస్తుంది. ఫ్యాక్టరీ కార్మికురాలి చట్టంలో ఆ పరిమితి లేదు, ప్రతిసారీ ఆరు వారాలే. కాగితం మీద కూలి మనిషికే మెరుగైన అరుదైన చోటు ఇది.

ఆ కాగితం ఎలా పనిచేస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఇప్పుడు నంద్యాల జిల్లాలో కలిసిన బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి పాలిషింగు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో బండలు మోసి, నీళ్లు పట్టి, పేర్చే ఒకామె ఉందనుకుందాం. మూడో నెల దాటుతుండగా కడుపు పోయింది. అంతకుముందు మూడు నెలల్లో 66 రోజులు పనిచేసి 26,400 రూపాయలు సంపాదించింది. సగటును పనిచేసిన రోజులతోనే కట్టాలి, క్యాలెండరు రోజులతో కాదు. అంటే రోజుకు 400. అది కనీస వేతనం కంటే తక్కువైతే కనీస వేతనమే లెక్క. ఆరు వారాలంటే 42 రోజులు, మొత్తం 16,800 రూపాయలు రావాలి.

గుమాస్తా ఆదివారాలు కొట్టేసి 36 రోజులకే కట్టిస్తే 2,400 తగ్గుతుంది. ఈ తగాదా కొత్తది కాదు. కోయంబత్తూరు లేబర్ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన బి. షా కేసులో, ఒక ఎస్టేటు కార్మికురాలి ప్రసూతి భృతి మీద, 1977లో తీర్పు వచ్చింది. వారమంటే ఆదివారంతో కలిపి ఏడు రోజులని, అన్ని రోజులకూ డబ్బు కట్టాలని కోర్టు తేల్చింది. గర్భస్రావ సెలవుకూ కొలత వారాలే, రేటు ప్రసూతి భృతి రేటే. ఫ్యాక్టరీ ఈఎస్ఐ కింద ఉంటే డబ్బు యజమాని జేబులోంచి కాకుండా కార్పొరేషన్ నుంచి వస్తుంది కాబట్టి గొడవ కొంత తగ్గుతుంది.

అసలు చిక్కు డబ్బు లెక్కలో కన్నా రుజువులో ఉంది. కాన్పు సెలవుకు ముందుగా నోటీసు ఇస్తారు, పొట్ట కూడా కనబడుతుంది. గర్భస్రావాలు ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతాయి, అప్పటికి కడుపుతో ఉన్న సంగతి మేస్త్రీకి కాదు గదా పక్కింటివాళ్లకు కూడా చెప్పరు. చట్టం అడిగేది గర్భస్రావం జరిగిందన్న రుజువే, ముందస్తు నోటీసు కాదు. ఆ రుజువు ఆసుపత్రి చీటీ మీద ఆధారపడుతుంది. ‘కడుపునొప్పి, రక్తస్రావం’ అని మాత్రమే రాసి పంపిస్తే ఫ్యాక్టరీలో దాన్ని మామూలు జబ్బు కింద కట్టి పక్కన పడేస్తారు. ‘అసంపూర్ణ గర్భస్రావం’ అనో ‘ఎంటీపీ’ అనో, ఎన్నో వారమో, తేదీతో సహా ఉండాలి. ఇంట్లోనే ఏ మెడికల్ షాపు మాత్రలో మింగి, రెండు రోజులు పడుకుని లేచినామెకు చూపించడానికి ఏ చీటీ ఉండదు.

వారం సంఖ్య ఎందుకు ముఖ్యమంటే, 26వ వారం దాటి ప్రాణం లేని బిడ్డ పుడితే చట్టం దృష్టిలో అది గర్భస్రావం కాదు, కాన్పు. బిడ్డ అనే మాటలో మృతశిశువునూ చేర్చారు. అప్పుడు 42 రోజులు కాదు, ఇద్దరు పిల్లలు లేని తల్లికి 26 వారాల సెలవుకే అర్హత వస్తుంది. ఒక్క వారం తేడాకు ఇంత అంతరం. స్కానింగ్ రిపోర్టు చేతిలో ఉన్నామెకు, ‘ఆరో నెల అయ్యుండొచ్చు’ అని అంచనా చెప్పేవాళ్ల మీద ఆధారపడ్డామెకు మధ్య తేడా ఇక్కడ తెలుస్తుంది.

గర్భం తీయించుకున్నామెకు ఇంకో భయం ఉంటుంది, ఊరికి తెలుస్తుందని. దీనికి 2003 నాటి నిబంధనల్లో మంచి ఏర్పాటే ఉంది. ఆసుపత్రి ఎంటీపీ రిజిస్టరు రహస్యం. అయినా ఉద్యోగిని అడిగితే, సెలవు కోసం డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. దాన్ని అందుకున్న యజమాని ఆ సంగతిని మూడో మనిషికి చెప్పకూడదు. పదిమంది కూర్చునే ఫ్యాక్టరీ గదిలో గుమాస్తా ఆ కాగితాన్ని బిగ్గరగా చదివితే అది మర్యాద తప్పడం ఒక్కటే కాదు, నిబంధన మీరడం కూడా.

2025 నవంబరు 21 నుంచి 1961 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. గర్భస్రావానికీ, వైద్య తొలగింపుకూ ఆరు వారాలు అలాగే ఉన్నాయి, పని నుంచి తీసేయకూడదన్న రక్షణా ఉంది. పోల్చి చూస్తే ఇదేమీ చిన్న సెలవు కాదు. న్యూజిలాండ్ 2021లో గర్భస్రావానికి మూడు రోజులు ఇచ్చి ప్రపంచమంతా వార్తల్లోకి ఎక్కింది. ఫిలిప్పీన్స్ 2019 నుంచి 60 రోజులిస్తోంది.

పాత చట్టంలోని ఒక అతుకు మాత్రం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. గర్భస్రావానికి దారితీసే బరువు పనులు చేయించకూడదని 4వ సెక్షన్లో స్పష్టంగానే రాశారు. కానీ ఆ నిషేధం ఆమె అడిగితేనే, అదీ కాన్పుకు పది వారాల ముందు నుంచి మాత్రమే. బండలు మోసే మనిషికి కడుపు పోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న మొదటి నెలల్లో ఆ రక్షణ లేదు. ప్రమాదం జరిగాక 42 రోజుల కూలి ఇస్తామన్న చట్టం, జరగకముందు బండ దించమని యజమానిని అడగలేదు.

పైగా ఇదంతా ఫ్యాక్టరీ, గని, తోట, పదిమంది పనిచేసే దుకాణం లాంటి చోట్ల ఉన్నవాళ్లకు. 2000లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు రోజుకూలీలకు కూడా ప్రసూతి హక్కు ఉందంది. కాబట్టి పర్మినెంటు కాదన్న సాకు చెల్లదు. అయితే వేరుశనగ చేలో కలుపు తీసేవాళ్లకు, పత్తి ఏరేవాళ్లకు, కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల నుంచి గుంటూరు మిరపకాయల కోతకు ఇల్లు తాళం వేసి వలసపోయేవాళ్లకు యజమాని ఎవరు? మస్టర్ ఎక్కడ? మూట లెక్కన, రోజు లెక్కన చేతికందే కూలికి మూడు నెలల సగటు కట్టే గుమాస్తా ఉండడు. ప్రధానమంత్రి మాతృవందన యోజన వాళ్లను కూడా చేర్చుకుంటుంది గానీ, అది గర్భం నిలిచి బిడ్డ పుట్టేదాకా సాగే సాయం. మధ్యలో గర్భం పోతే తర్వాతి గర్భానికి మళ్లీ అర్హత ఉంటుంది. పోయిన గర్భానికి, పనికి వెళ్లలేని ఆ వారాలకు అందులో కూలి లేదు. వలస కూలీ ఆమె మిరప చేనులోనే రెండు రోజులు పట్టా కింద పడుకుని మళ్లీ కోతకు దిగుతుంది, ఎందుకంటే ఆ రెండు రోజుల కూలి అప్పటికే పోయింది.