పే స్లిప్‌లో నికర వేతనం: ఓవర్‌టైమ్ కలిపి, కోతలు తీసి లెక్కించడం ఎలా?

పే స్లిప్‌లో ఒకవైపు ఆదాయం, మరోవైపు కోతలు ఉంటాయి. ఆదాయం పద్దుల మొత్తమే స్థూల వేతనం. అందులోంచి కోతలు తీసివేస్తే ఖాతాలో జమయ్యే నికర వేతనం తెలుస్తుంది.

హైదరాబాద్‌లోని ఒక కర్మాగార కార్మికుడికి మూలవేతనం, కరువు భత్యం కలిపి రూ.13,000, ఇంటి అద్దె భత్యం రూ.6,000, రవాణా భత్యం రూ.3,000 అనుకుందాం. ఆ నెలలో ఆయన 12 గంటలు ఓవర్‌టైమ్ చేశారు.

ముందుగా గంట రేటు తేల్చాలి. మూలవేతనం, కరువు భత్యం మొత్తాన్ని 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు రూ.500, ఎనిమిది గంటల పనికి గంటకు రూ.62.50 వస్తుంది. చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు రెట్టింపు, అంటే గంటకు రూ.125 చెల్లించాలి. 12 గంటలకు రూ.1,500 అవుతుంది. దీనితో స్థూల వేతనం రూ.23,500కు చేరుతుంది.

ఇక కోతలు. భవిష్యనిధికి 12 శాతం చొప్పున రూ.1,560, తెలంగాణ వృత్తిపన్ను రూ.200. ఈఎస్‌ఐ కోతను ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు. రూ.1,760 తీసివేయగా నికర వేతనం రూ.21,740.

పొరపాట్లు సాధారణంగా రెండు చోట్ల దొర్లుతాయి. ఓవర్‌టైమ్ మొత్తాన్ని గంటలతో భాగించినప్పుడు రూ.62.50 వస్తే, రెట్టింపు చెల్లించలేదని అర్థం. భవిష్యనిధి కోత రూ.2,820 ఉంటే, ఓవర్‌టైమ్, ఇంటి అద్దె భత్యాలతో సహా స్థూల వేతనమంతటిపైనా 12 శాతం లెక్కించారన్నమాట. చట్టం ప్రకారం ఆ రెండూ భవిష్యనిధి లెక్కలోకి రావు.